ట్యూబు రాస్తే పోతుంది, ఆపితే వస్తుంది: తామర ఎందుకు ముదురుతోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు. వరంగల్‌లో బైక్ మీద పార్సిళ్లు డెలివరీ చేస్తాను. ఎనిమిది నెలల కింద గజ్జల్లో రూపాయి బిళ్లంత తామర వచ్చింది. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన మూడు రోజులకే దురద పోయింది. ఆపిన వారానికి మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా పెద్దగా. అప్పటి నుంచి ఇదే వరస. ఇప్పుడు రెండు తొడలు, నడుము, పిరుదుల దాకా పాకింది. తొడ లోపల ఎర్రటి చారలు కూడా పడ్డాయి. మా ఆవిడకు నడుము చుట్టూ వచ్చింది, నాలుగేళ్ల పాపకు చెంప మీద వచ్చింది. ఇద్దరికీ అదే ట్యూబు రాస్తున్నాం. దాని మీద క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ అని ఉంది. దీనికంటే పవర్ ఉన్న ట్యూబు ఏదైనా చెప్పండి.

జవాబు: పాప చెంప మీద ఆ ట్యూబు రాయడం ఈ రోజే ఆపేయండి. మీరిద్దరూ కూడా ఆపేయాలి. మీరు పవర్ తక్కువైందని అనుకుంటున్నారు గానీ, స్టెరాయిడ్లలో క్లోబెటసాల్‌ను మించిన పవర్ ఉన్న పూతమందు దాదాపు లేదు. మీ జబ్బు ఇంత దూరం రావడానికి ఆ పవరే కారణం.

మీరు రాసిన నాలుగు పేర్లను ఒక్కొక్కటిగా చూద్దాం. ఆఫ్లాక్సాసిన్ బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్. ఆర్నిడజోల్ అమీబా విరేచనాలకు, కొన్ని రకాల బాక్టీరియాకు వాడే మందు. తామర వచ్చేది ఫంగస్ వల్ల కాబట్టి ఈ రెండింటికీ అక్కడ పనే లేదు. క్లోబెటసాల్ స్టెరాయిడ్, అది ఏ క్రిమినీ చంపదు. నాలుగింటిలో ఫంగస్ మీద పనిచేయాల్సింది టెర్బినాఫిన్ ఒక్కటే. అది కూడా మన దగ్గర చాలామందిలో సరిగా పనిచేయడం లేదు, ఎందుకో కింద చెబుతాను. టెర్బినాఫిన్ పనిచేయకపోతే ఆ ట్యూబులో మిగిలేది స్టెరాయిడే. అంటే ఎనిమిది నెలలుగా మీరు ఫంగస్ మీద స్టెరాయిడ్ రాస్తూ వచ్చారన్న మాట.

మూడు రోజుల్లో దురద ఎందుకు పోయిందో చూద్దాం. తామరలో వచ్చే ఎరుపు, దురద, పొట్టు, గుండ్రంగా లేచే అంచు, ఇవన్నీ ఫంగస్ నేరుగా చేసేవి కావు. చర్మంలోకి ఫంగస్ వచ్చిందని గుర్తించి మన రోగనిరోధక శక్తి దాని మీద చేసే పోరాటమే అలా కనిపిస్తుంది. ఆ అంచు దగ్గరే పోరు ఎక్కువ, అందుకే అక్కడ ఎర్రగా, మధ్యలో కాస్త తేటగా ఉంటుంది. స్టెరాయిడ్ ఈ పోరాటాన్ని అణచివేస్తుంది. చేనుకు కాపలా ఉన్నవాణ్ని నిద్రపుచ్చితే అరుపులు ఆగుతాయి, పశువులు మాత్రం మేస్తూనే ఉంటాయి. మీ చర్మంలో మూడో రోజుకి జరిగింది అదే. దురద ఆగింది, ఎరుపు తగ్గింది, లోపల ఫంగస్ నిశ్చింతగా పెరిగింది.

ట్యూబు ఆపిన వారానికి స్టెరాయిడ్ ప్రభావం దిగిపోతుంది. రోగనిరోధక శక్తి మేల్కొని చూసేసరికి ఫంగస్ ఇదివరకటి కంటే ఎన్నో రెట్లు పెరిగి, పక్కకు కూడా పాకి ఉంటుంది. అందుకే రెండోసారి వచ్చింది మొదటిసారి కంటే పెద్దగా, ఎక్కువ దురదతో వస్తుంది. మళ్లీ అదే ట్యూబు రాస్తే మళ్లీ మూడు రోజుల ఉపశమనం. ఇలా ప్రతి విడతకీ ఫంగస్‌కు ఇంకొంత చోటు దొరికింది. గజ్జల నుంచి తొడలకు, తొడల నుంచి పిరుదులకు అలాగే వెళ్లింది. చాలాకాలం ఇలా జరిగితే ఫంగస్ పై పొరలో ఆగకుండా వెంట్రుకల కుదుళ్లలోకి దిగుతుంది, అప్పుడు చిన్న చిన్న గట్టి కురుపులు కనిపిస్తాయి. అక్కడికి దిగిన ఫంగస్‌ను పూతమందు అందుకోలేదు. ఇలా స్టెరాయిడ్ కింద దాగిన తామర రూపం కూడా మారిపోతుంది. అంచు చెరిగిపోయి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా ఉంటుంది, లేదా వలయంలో మరో వలయం పడుతుంది. అలవాటు లేని కంటికి అది తామరలాగే ఉండదు, ఎలర్జీ అనో గజ్జి అనో అనుకుని మళ్లీ స్టెరాయిడే ఇచ్చే ప్రమాదం ఉంది.

ఇక టెర్బినాఫిన్ సంగతి. ఫంగస్ తన కణాల పైపొరను నిలబెట్టుకోవడానికి ఒక ఎంజైమ్ కావాలి. టెర్బినాఫిన్ ఆ ఎంజైమ్‌కు అతుక్కుని దాని పని ఆపుతుంది. మన దేశంలో గత పదేళ్లకు పైగా విస్తరించిన తామర ఫంగస్‌లో ఈ ఎంజైమ్ జన్యువులో చిన్న మార్పు వచ్చింది. దాంతో చాలా నమూనాల్లో మందుకు అతుక్కోవడానికి పట్టు దొరకడం లేదు. ఈ ఫంగస్‌కు జపాన్ పరిశోధకులు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, భారత్, నేపాల్ నుంచి వెళ్లిన రోగుల్లో అక్కడ దాన్ని గుర్తించారు. 2023లో న్యూయార్క్‌లో కూడా ఇద్దరిలో బయటపడింది. ఇక్కడి నుంచి తామరతో విదేశాలకు వెళ్లిన మన వాళ్లు అక్కడి డాక్టరుకు ఈ విషయం ముందే చెప్పడం మంచిది. అక్కడ మొదట రాసేది తరచూ టెర్బినాఫినే కాబట్టి నెలలు వృథా కావచ్చు.

మీ తొడ మీది ఎర్రటి చారల గురించి సూటిగా చెప్పాలి. క్లోబెటసాల్ చర్మం లోపలి పీచును పలచన చేస్తుంది, ఆ పలచబడిన చోట చర్మం చీలినట్లై చారలు పడతాయి. గజ్జలు, చంకలు, రొమ్ముల కింద చర్మం సహజంగానే పలచన, పైగా మడతలో చెమటతో మూసుకుని ఉంటుంది. అక్కడ రాసిన మందు చేతి మీద రాసినదానికంటే చాలా ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. వృషణాల మీది చర్మమైతే ముంజేతి కంటే దాదాపు 40 రెట్లు ఎక్కువగా స్టెరాయిడ్‌ను పీల్చుకుంటుందని పాత ప్రయోగాల్లోనే తేలింది. అందుకే చర్మ వైద్యులు క్లోబెటసాల్‌ను అరచేతులు, అరికాళ్ల లాంటి మందపాటి చర్మానికి, అదీ రెండు వారాలు మించకుండా, వారానికి 50 గ్రాములు దాటకుండా వాడతారు. ముఖానికి, గజ్జలకు అసలు వాడరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు. మీ చారలు ఎరుపు నుంచి మెల్లగా తెల్లబడతాయి, పూర్తిగా మాయం కావు. ఇప్పుడు ఆపితే కొత్తవి పడకుండా, ఉన్నవి వెడల్పు కాకుండా నిలుస్తాయి.

ట్యూబు మారిస్తే సరిపోతుందని షాపుకు వెళ్లకండి. పేరు వేరైనా లోపల ఇలాంటి మందే ఉన్న ట్యూబులు చాలా ఉన్నాయి. కొన్నింటిలో క్లోబెటసాల్ బదులు బెక్లోమెథసోన్, బీటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినొలోన్ ఉంటాయి, వాటికి నియోమైసిన్, మైకొనజోల్, క్లోట్రిమజోల్ కలిపి ఉంటాయి. వెనక చిన్న అక్షరాల్లో ఉండే పేర్లను చదవండి. ‘సోన్’, ‘లోన్’, ‘టసాల్’, ‘నైడ్’తో ముగిసే పేరు ఉంటే అది దాదాపుగా స్టెరాయిడే. ‘నజోల్’, ‘మజోల్’తో ముగిసే పేర్లు చాలావరకు ఫంగస్ మందులు, అయితే ‘డజోల్’తో ముగిసే ఆర్నిడజోల్, మెట్రొనిడజోల్ లాంటివి ఫంగస్‌కు సంబంధం లేనివి. ఒక పేరు మీద అనుమానం ఉంటే ఫార్మసిస్టును ‘ఇందులో స్టెరాయిడ్ ఉందా?’ అని ఒకే ప్రశ్న అడగండి. ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలో చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించింది, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన కొన్ని పూతలు కూడా అందులో ఉన్నాయి. అయినా కౌంటర్ మీద ఇవి అడగ్గానే దొరుకుతున్నాయన్నది మీ ఉత్తరమే చెబుతోంది. దొరుకుతున్నంత మాత్రాన వాడదగ్గవి అనుకోవద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర దురదకని వేయించుకునే సూదుల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు, అవి కూడా ఇదే పని చేస్తాయి.

ఇప్పుడు ఆపితే ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి, లేకపోతే నాలుగో రోజున మళ్లీ అదే ట్యూబు తీస్తారు. మొదటి వారం దురద పెరుగుతుంది. అంచులు ఎర్రగా లేస్తాయి, ఇదివరకు కనిపించని చోట కూడా మచ్చలు బయటపడతాయి. కొత్త మందు పనిచేయడం లేదని అనిపిస్తుంది. అది జబ్బు కొత్తగా పెరగడం వల్ల కాదు, ఇన్నాళ్లూ దాగి ఉన్నది పైకి రావడం వల్ల. సరైన ఫంగస్ మందు మొదలుపెట్టి ఉంటే రెండో వారం నుంచి దురద తగ్గుతూ వస్తుంది. ఈ మధ్యలో రాత్రిపూట లెవోసెటిరిజిన్ లాంటి దురద మాత్ర డాక్టరు ఇస్తారు, దాంతో నిద్ర వస్తుంది. నిద్రమత్తు ఉంటే బండి నడపొద్దు, మీ పని బండి మీదే కాబట్టి ఈ మాట గుర్తుంచుకోండి. చాలాకాలం ఎక్కువ మోతాదులో క్లోబెటసాల్ రాసినవారికి, స్టెరాయిడ్ మాత్రలు లేదా సూదులు తీసుకున్నవారికి అవి ఆపాక విపరీతమైన నీరసం, వాంతులు, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. శరీరం సొంతంగా తయారుచేసుకునే కార్టిసాల్ తగ్గిపోయి ఉండొచ్చు, రక్త పరీక్షతో తెలుస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు మింగుతూ ఉంటే మాత్రం వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్లు తగ్గించుకుంటూ రావాలి.

చర్మ వైద్యుని దగ్గరకు వెళ్లేరోజు ఒంటి మీద ఏ పూతా రాయకుండా వెళ్లండి. మచ్చ అంచు దగ్గర నుంచి మొద్దుగా ఉండే బ్లేడుతో కొంచెం పొట్టు గీకి తీస్తారు, నొప్పి ఉండదు. దాన్ని గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. పొట్టు కరిగిపోయి దారాల్లాంటి ఫంగస్ మిగులుతుంది. అరగంటలో తేలిపోయే, ఖర్చు చాలా తక్కువైన పరీక్ష ఇది. ఎనిమిది నెలలు స్టెరాయిడ్ రాసినవారిలో ఈ దారాలు కుప్పలుగా కనిపిస్తాయి. వరంగల్‌లో ప్రభుత్వ బోధనాస్పత్రి ఎంజీఎంలోని చర్మవ్యాధుల విభాగానికి వెళ్లొచ్చు. గజ్జల్లో కాబట్టి చూపించడానికి సిగ్గుపడి ఎంతోమంది షాపు దగ్గరే ఆగిపోతారు. అక్కడి డాక్టర్లు రోజూ చూసేది ఇదే, మొహమాటపడొద్దు.

మీకు ఇంత వెడల్పు పాకింది కాబట్టి పూతమందు ఒక్కటే సరిపోదు, లోపలికి మాత్ర కావాలి. సాధారణంగా ఎన్నుకునేది ఇట్రాకొనజోల్. రోజుకు 200 మిల్లీగ్రాములు, అంటే 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి ఇస్తుంటారు. మీ బరువు, ఇతర జబ్బులు, వాడే మందులు చూసి మోతాదు, రోజులు డాక్టరు నిర్ణయిస్తారు. మొదటిసారి వచ్చిన చిన్న తామరకు రెండు నుంచి నాలుగు వారాలు చాలు. మీలాంటివారికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. మొదలుపెట్టే ముందు, మళ్లీ నాలుగైదు వారాలకు కాలేయం పనితీరు చూసే రక్త పరీక్ష చేయిస్తారు. గుండె బలహీనంగా ఉండి కాళ్లు వాచే వారికి ఈ మందు పనికిరాదు. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, వాటిలో కొన్ని ఇట్రాకొనజోల్‌తో కలిస్తే ప్రమాదం. మధ్యలో ఆయాసం, కాళ్ల వాపు, ముదురు రంగు మూత్రం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మందు ఆపి డాక్టరును కలవాలి.

ఈ మందు పనిచేయకపోవడానికి ఒక సాధారణమైన కారణం మన ఇళ్లలో రోజూ మింగే గ్యాస్ మాత్ర. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరిగి రక్తంలోకి వెళ్లాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. పొద్దున్నే పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ వేసుకుంటే ఆ ఆమ్లం తగ్గిపోతుంది, క్యాప్సూల్ చాలావరకు వృథాగా బయటకుపోతుంది. ఇంకొక చిక్కు ఉంది. గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో డోంపెరిడోన్ కలిపి ఉంటుంది. డోంపెరిడోన్, ఇట్రాకొనజోల్ కలిస్తే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని కలిపి వాడకూడదు. మీకు అలాంటి అలవాటు ఉంటే డాక్టరుకు పేరు చూపించండి. కడుపులో మంటకు తాగే యాంటాసిడ్ సిరప్ తప్పనిసరైతే క్యాప్సూల్‌కు కనీసం గంట ముందు, లేదా వేసుకున్న రెండు గంటల తర్వాత తాగాలి. క్యాప్సూల్ ఎప్పుడూ కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే సరిగా ఒంటపట్టదు. మధ్యాహ్నం భోజనం వేళ తప్పే పని కాబట్టి ఉదయం టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి అని పెట్టుకోండి.

దీంతోపాటు స్టెరాయిడ్ లేని పూతమందు కావాలి. లూలికొనజోల్, క్లోట్రిమజోల్, సెర్టకొనజోల్, కీటోకొనజోల్ లాంటి వాటిలో ఏదో ఒకటి డాక్టరు రాస్తారు. వీటిలో దాదాపు అందరూ చేసే తప్పు పరిమాణంలో ఉంది. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే అది సుమారు అర గ్రాము. ఆ అర గ్రాము రెండు అరచేతులంత జాగాకు సరిపోతుంది, వేళ్లతో కలిపి కొలిచిన అరచేయి. మీరు చెప్పినదాన్ని బట్టి లెక్క కడదాం. రెండు గజ్జలూ తొడలూ కలిపి నాలుగు అరచేతులు, నడుము మూడు, పిరుదులు మూడు అనుకుంటే మొత్తం పది. అంటే ఐదు వేలికొసలు, ఒక్కసారికి రెండున్నర గ్రాములు. లూలికొనజోల్ అయితే రోజుకు ఒకసారి రాస్తే చాలు. ఆరు వారాలకు, అంటే 42 రోజులకు 105 గ్రాములు కావాలి. 10 గ్రాముల చిన్న ట్యూబు మీకు నాలుగు రోజులే వస్తుంది. నెలకొక చిన్న ట్యూబు పలచగా పులిమి ‘ఈ మందు కూడా పనిచేయలేదు’ అనడం ఇక్కడి నుంచే పుడుతుంది. క్లోట్రిమజోల్ లాంటివి రోజుకు రెండుసార్లు రాయాలి కాబట్టి రెట్టింపు పడుతుంది. రాసేటప్పుడు స్నానం చేసి, మడతలు పూర్తిగా తుడుచుకుని, ఆరాక రాయండి. మచ్చ బయట రెండు సెంటీమీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి లోపలికి రండి, కంటికి కనిపించని ఫంగస్ అంచు దాటి ఉంటుంది. పూసి వదిలేయకుండా చర్మంలో కలిసేదాకా మెల్లగా రుద్దండి.

ఎప్పుడు ఆపాలన్నది రెండో పెద్ద పొరపాటు. దురద రెండు వారాల్లో పోతుంది, ఫంగస్ పోదు. అది ఉండేది చర్మం పై పొరలో, ఆ పొర రాలి కొత్తది రావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. దురద పోయి, ఎరుపు పోయి, వేలితో తడిమితే పొట్టు, గరుకుదనం లేకుండా చదునుగా అయ్యాక కూడా పూత రెండు వారాలు కొనసాగించాలి. అయితే అక్కడ నల్లటి మరక నెలల తరబడి మిగులుతుంది. చదునుగా, దురద లేకుండా, పొట్టు లేకుండా ఉన్న నలుపు జబ్బు కాదు, మానిన గుర్తు. దాన్ని పోగొట్టాలని రుద్దడం, నిమ్మరసం రాయడం, తెల్లబరిచే క్రీములు పూయడం వద్దు. ఆ క్రీముల్లో చాలావాటిలో మళ్లీ స్టెరాయిడే ఉంటుంది. అలాగే జిల్లేడు పాలు, వెల్లుల్లి ముద్ద గజ్జల్లో రాస్తే చర్మం కాలిపోతుంది. తామర ఉన్న చోట షేవింగ్ కూడా వద్దు.

మీ ఆవిడకు, పాపకు మీతో పాటే ఒకేసారి వైద్యం మొదలుకావాలి. మీరు నయమయ్యాక వాళ్ల సంగతి చూద్దామంటే వాళ్ల నుంచి మీకే తిరిగొస్తుంది. మీ ఆవిడ గర్భంతో ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా, పాలిస్తున్నా డాక్టరుకు ముందే చెప్పాలి. ఇట్రాకొనజోల్ గర్భంలో వాడకూడదు, వాడుతున్నంతకాలమూ, ఆపాక రెండు నెలలపాటూ గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. పాప చెంప మీదిది తామరేనా, లేక పిల్లల్లో మామూలుగా వచ్చే తెల్ల మచ్చా అన్నది పరీక్షించి తేల్చాలి. తామరే అయితే చిన్న మచ్చకు స్టెరాయిడ్ లేని పూత చాలు. తలలో ఎక్కడైనా జుట్టు ఊడి పొట్టు రాలుతుంటే తప్పక చూపించండి, తలకు పాకితే మాత్ర కావాలి, పూత సరిపోదు. ఆ ట్యూబు ఆపాక రెండు మూడు వారాలు ఆమె బుగ్గ ఎర్రగా, చిన్న మొటిమల్లాగా లేవవచ్చు. అది స్టెరాయిడ్ ఆపినందువల్ల వచ్చేది, దానికి మళ్లీ స్టెరాయిడ్ రాయొద్దు. పాప కంటి దగ్గరగా ఇన్నాళ్లూ రాసి ఉంటే కంటి డాక్టరుకు ఒకసారి చూపించండి, స్టెరాయిడ్ వల్ల కంట్లో ఒత్తిడి పెరిగే వీలుంది.

ఇక ఇంట్లో చేయాల్సినవి. మీరు, పాప మొలతాడు కట్టుకుని ఉంటే ఇప్పుడు తీసేయండి. నల్లదారం రోజంతా చెమటకు తడిసి ఆరకుండా ఉంటుంది, ఫంగస్‌కు అంతకంటే మంచి చోటు లేదు. ఆచారం కోసం కావాలనుకుంటే పూర్తిగా నయమయ్యాక కొత్తది కట్టుకోండి, పాతది వాడొద్దు. మీ ఆవిడకు లంగా బొందు బిగించే చోటే మచ్చ వచ్చి ఉంటుంది, బొందు బదులు వెడల్పాటి నాడా వాడటం, చోటు మార్చి కట్టడం కొంత సాయపడుతుంది. తువ్వాలు, లోదుస్తులు, లుంగీ ఎవరివి వాళ్లవే. ఇంటిల్లిపాదీ ఒకే బకెట్లో నానబెట్టకుండా మీ ముగ్గురి బట్టలు విడిగా వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. బెల్టు, నడుము పట్టీ, లోదుస్తుల కుట్లు ఇస్త్రీ చేస్తే మంచిది. బండి సీటు మీద పది గంటలు జీన్స్‌తో కూర్చోవడం గజ్జల చెమటను ఆరనివ్వదు. వదులుగా ఉన్న నూలు ప్యాంటు, వదులు లోదుస్తులు వేసుకోండి, వానకు తడిస్తే అలాగే ఆరనివ్వకుండా మార్చేసుకోండి. మామూలు సబ్బు చాలు. ఘాటైన యాంటీసెప్టిక్ సబ్బుతో, పీచుతో గట్టిగా రుద్దితే అసలే పలచబడ్డ చర్మం ఇంకా చీలుతుంది.

నాలుగు వారాలు మందు తప్పకుండా వాడినా కొత్త మచ్చలు వస్తుంటే, ఉన్నవి పెరుగుతుంటే మందు ఆపకుండా తిరిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. అప్పుడు పొట్టు పరీక్ష మళ్లీ చేస్తారు. అవసరమైతే ఫంగస్‌ను పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే కల్చర్ కూడా చేయిస్తారు, దానికి కొన్ని వారాలు పడుతుంది. మచ్చల్లో చీము, జ్వరం, తొడ వాపు, తట్టుకోలేని నొప్పి ఉంటే మాత్రం అన్ని రోజులు ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన ట్యూబు, ఇంట్లో మింగే గ్యాస్ మాత్రలు, బీపీ, షుగర్ మందులు ఉంటే అవీ అన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. షుగర్ ఉందో లేదో తెలియకపోతే ఆ పరీక్ష కూడా అడగండి, షుగర్ అదుపులో లేకపోతే తామర పట్టు వదలదు. మీతోపాటు మీ ఆవిడను, పాపను కూడా అదే రోజు చూపించండి.